తొమ్మిదో తరగతి పిల్లల పేరాగ్రాఫ్: చార్టు తీసేశాక కుదిరిన పద్ధతి

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ టీచర్‌గా చేరి ఏడాదైంది. తొమ్మిదో తరగతి పిల్లలు విడివిడిగా వాక్యాలు బాగానే రాస్తారు. పేరాగ్రాఫ్ రాయమంటే మాత్రం పది వాక్యాలు కుప్ప పోసినట్టు ఉంటుంది. టాపిక్ సెంటెన్స్ అంటే ఏంటో, లింకింగ్ వర్డ్స్ ఏంటో అన్నీ చెప్పాను. ఇప్పుడు ప్రతి లైన్లో మోరోవర్, హౌఎవర్ పెడుతున్నారు. ఎలా నేర్పితే కుదురుతుంది?

జవాబు: మీ క్లాసులో గోడకి లింకింగ్ వర్డ్స్ చార్టు ఉంటే ముందు అది తీసేయండి. నేనూ పెట్టాను ఒకప్పుడు. స్కెచ్ పెన్నులతో రంగురంగులుగా ఇరవై నాలుగు మాటలు రాసి అతికించాను. మరుసటి వారం ఒకడు ఇలా రాశాడు: "మై ఫాదర్ ఈజ్ ఎ డ్రైవర్. మోరోవర్ మై మదర్ ఈజ్ ఎ టైలర్. హెన్స్ ఐ హ్యావ్ టూ సిస్టర్స్." వాడి తప్పేం లేదు. అవి వాక్యాల ముందు పెట్టే అలంకారాలని నేనే నేర్పాను, వాడు పెట్టాడు. (ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా, అందుకే ఇంగ్లీష్ వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. ఏమనుకోకండి.)

తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, లింకింగ్ వర్డ్ ఆఖర్న రావాలి. ముందు పిల్లవాడికి చెప్పడానికి ఒక మాట ఉండాలి, దాన్ని నిలబెట్టే వాక్యాలు ఉండాలి, ఆ వాక్యాల మధ్య ఏదో ఒక సంబంధం ఉండాలి. ఆ సంబంధానికి పేరు పెట్టేదే సో, బట్, బికాజ్. సంబంధమే లేని చోట ఏ మాట పెట్టినా అది మోరోవరే.

టాపిక్ సెంటెన్స్ దగ్గర మా పిల్లలు రెండు రకాలుగా పడిపోయేవాళ్లు. ఒకరు "నౌ ఐ యామ్ గోయింగ్ టు రైట్ అబౌట్ మై విలేజ్" అని మొదలుపెడతారు. అది వాక్యం కాదు, బోర్డు. ఇంకొకరు "దేర్ ఈజ్ ఎ ట్యాంక్ ఇన్ అవర్ విలేజ్" అంటారు. అది నిజమే, కానీ అక్కడితో అయిపోయింది, దాని మీద ఇంకేం చెప్తారు? "టాపిక్ సెంటెన్స్ కంటెయిన్స్ ద మెయిన్ ఐడియా" అని నిర్వచనం బట్టీ పట్టిస్తే ఏ ఉపయోగమూ లేదు, పరీక్షలో ఆ నిర్వచనం మాత్రం తప్పు లేకుండా రాస్తారు.

నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఒకరు మొదటి వాక్యం చదవాలి, పక్కవాళ్లు దాన్ని విని తెలుగులో ఒక ప్రశ్న అడగాలి. "ఎందుకు?" అనో "ఎలా?" అనో వస్తే, అది టాపిక్ సెంటెన్స్. "అయితే ఏంటి?" అని వస్తే కాదు. మా ఊళ్లో చెరువు ఉంది అంటే అయితే ఏంటి అంటారు. మా ఊరికి చెరువు అవసరం అంటే ఎందుకు అంటారు. మిగతా పేరాగ్రాఫ్ అంతా ఆ "ఎందుకు?"కి జవాబు. పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది. పక్కవాడిని "అయితే ఏంటి?" అని వెక్కిరించడానికి టీచర్ పర్మిషన్ ఇచ్చింది కదా!

ఒక అమ్మాయి రాసింది చెప్తాను, అప్పుడు మొత్తం పద్ధతి అర్థమవుతుంది. మాది చెరువు కింద పంటలు పండే ఊరు. తను మొదట రాసినవి ఇవి, వరసగా: మాది చిన్న ఊరు, మా ఊళ్లో చెరువు ఉంది, ఆదివారం ఫ్రెండ్స్‌తో చెరువు దగ్గరికి వెళ్తాం, రైతులు చెరువు నీళ్లు పొలాలకి పెడతారు, చెరువులో బతుకమ్మలు వేస్తాం, ఎండాకాలం చెరువు ఎండిపోతుంది, మా మామ చేపలు పడతాడు, గుడి కూడా ఉంది, స్కూలు కూడా ఉంది. తొమ్మిది వాక్యాలు, గ్రామర్ తప్పులు పెద్దగా లేవు. కానీ చదివితే ఏమీ మిగలదు.

నేను నోట్‌బుక్ మూసేసి, "చెరువు గురించి నువ్వు నాకు ఒకే ఒక్క మాట చెప్పాలి, ఏం చెప్తావు?" అని తెలుగులో అడిగాను. కాసేపు ఆలోచించి, "చెరువు లేకుంటే మా ఊరే లేదు మేడం" అంది. అంతే, టాపిక్ సెంటెన్స్ వచ్చేసింది. ఇంగ్లీష్‌లో పెట్టేటప్పుడు దాన్ని తేలిక చేసుకున్నాం: "అవర్ విలేజ్ నీడ్స్ ఇట్స్ ట్యాంక్." ఐదు మాటలు. తెలుగులో ఉన్న ఊపు తగ్గింది, నిజమే. కానీ ఇది తను సొంతంగా రాయగల వాక్యం. గైడులోంచి తెచ్చుకున్న పెద్ద వాక్యంతో మొదలుపెడితే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు.

తర్వాత ఆ తొమ్మిది వాక్యాల్నీ పాత నోట్‌బుక్ కాగితాల మీద ఒక్కో చీటీగా రాయించాను. ప్రతి చీటీ తీసి "ఎందుకు అవసరం?" అన్న ప్రశ్నకి ఇది జవాబేనా అని తనే చూసుకోవాలి. గుడి, స్కూలు, ఆదివారం, చిన్న ఊరు పక్కకి పోయాయి. స్కూలు తీసేయడానికి తనకి మనసొప్పలేదు, స్కూలు గురించి రాయకపోతే టీచర్ ఏమంటుందో అని. ఎండాకాలం చీటీ దగ్గర మాత్రం ఇద్దరం ఆగాం. చెరువు ఎండిపోతుందన్నది అవసరానికి జవాబు కాదు కదా? "ఎండిపోతే ఏమవుతుంది?" అని అడిగితే, మామ పనికోసం హైదరాబాద్ వెళ్తాడని చెప్పింది. అదే అన్నిటికంటే గట్టి జవాబు. దాన్ని ఆఖరికి పెట్టాం. ఈ చీటీల పనికి ఒక పీరియడ్ మొత్తం పోతుంది, పోనివ్వండి.

అప్పుడు, అంటే రెండో రోజు, లింకింగ్ వర్డ్స్. పక్కపక్కన ఉన్న రెండు చీటీలు చూపించి "ఈ రెంటినీ తెలుగులో కలిపి చెప్పు" అంటాను. వాళ్ల నోట్లోంచి కాబట్టి, కానీ, ఎందుకంటే, ఉదాహరణకి, కూడా, అప్పుడు — ఇవే వస్తాయి. వాటికి సో, బట్, బికాజ్, ఫర్ ఎగ్జాంపుల్, ఆల్సో, దెన్. ఆరే. తొమ్మిదో తరగతికి ఇవి చాలు. తెలుగులో ఏ మాటా రాకపోతే ఇంగ్లీష్‌లోనూ ఏమీ పెట్టకూడదు, ఊరికే ఫుల్‌స్టాప్ పెట్టి ముందుకు పోవాలి. ఇది గట్టిగా చెప్పండి, ఎందుకంటే ప్రతి వాక్యానికీ ఒకటి ఉండాలని వాళ్ల నమ్మకం.

చివరికి తయారైంది ఇది:

"అవర్ విలేజ్ నీడ్స్ ఇట్స్ ట్యాంక్. ఫార్మర్స్ టేక్ ఇట్స్ వాటర్ టు ద ఫీల్డ్స్, సో దే కెన్ గ్రో ప్యాడీ. ఎవ్రీ ఇయర్ ద విమెన్ ఫ్లోట్ దెయిర్ బతుకమ్మస్ దేర్. సమ్ ఫ్యామిలీస్ ఆల్సో లివ్ ఆన్ ఇట్స్ ఫిష్. ఫర్ ఎగ్జాంపుల్, మై అంకుల్ క్యాచెస్ ఫిష్ అండ్ సెల్స్ దెమ్ ఇన్ ద మార్కెట్. బట్ ఇన్ సమ్ ఇయర్స్ ద ట్యాంక్ గోస్ డ్రై ఇన్ సమ్మర్. దెన్ మై అంకుల్ గోస్ టు హైదరాబాద్ ఫర్ వర్క్ బికాజ్ దేర్ ఈజ్ నథింగ్ టు క్యాచ్."

ఇందులో ఒక సంగతి చూడండి. వాక్యాల్ని కలుపుతున్నది సో, బట్ మాత్రమే కాదు. ఇట్స్, దే, దేర్, దెమ్ కూడా. ఇట్స్ అనగానే చదివేవాడు వెనక్కి తిరిగి చెరువు వైపు చూస్తాడు. అసలు అతుకు అదే. ఆ అమ్మాయి మొదట రాసింది "మై అంకుల్ క్యాచెస్ ఫిష్ అండ్ సెల్స్ ఇన్ మార్కెట్." తెలుగులో "చేపలు పట్టి అమ్ముతాడు" అంటే చాలు, "వాటిని" అక్కర్లేదు. మనం వదిలేసే ఆ మాటల్ని ఇంగ్లీష్ వదలనివ్వదు. అందుకే రాసింది అయ్యాక ఇట్, దే, దెమ్, దేర్ లాంటివన్నీ గీత గీసి, ఒక్కోటి దేన్ని చూపిస్తుందో బాణం వేయమంటాను. బాణం ఎటు వేయాలో తెలియకపోతే అక్కడ మళ్లీ పేరు రాయాలి. లింకింగ్ వర్డ్స్ లెక్కపెట్టడం కంటే ఈ బాణాలే ఎక్కువ పనిచేశాయి నాకు.

ఇక తెలుగు నుంచి వచ్చే తప్పులు. "ఐ లైక్ మై విలేజ్. బికాజ్ ఇట్ హ్యాజ్ ఎ ట్యాంక్." మనం "నాకు మా ఊరంటే ఇష్టం. ఎందుకంటే..." అని కొత్త వాక్యం మొదలుపెడతాం, అది తెలుగులో తప్పు కాదు. ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు బికాజ్ ముక్క ఒంటరిగా నిలబడదు, ముందు వాక్యంలో కలిసిపోవాలి. ఫుల్‌స్టాప్ కొట్టేసి, బి అక్షరాన్ని చిన్నది చేయమంటే చాలు, అర్థమైపోతుంది. రెండోది, "బికాజ్ ఇట్ రెయిన్డ్, సో వుయ్ డిడ్ నాట్ ప్లే", "ఆల్దో హి ఈజ్ పూర్, బట్ హి ఈజ్ హ్యాపీ." ఒక అతుక్కి రెండు మేకులు. తెలుగులో "పేదవాడే, అయినా... కానీ..." అని చెవికి బాగానే ఉంటుంది, అందుకే ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వస్తుంది. నేను "రెండిట్లో ఒకటి కొట్టెయ్, ఏది కొట్టేసినా పర్లేదు" అంటాను. మూడోది "ఆఫ్టర్ వుయ్ వెంట్ హోమ్." వాళ్ల ఉద్దేశం "తర్వాత ఇంటికి వెళ్లాం" అని. చదివేవాడికి మాత్రం "ఇంటికి వెళ్లాక..." అని వినిపించి, మిగతాది ఏదని ఎదురుచూస్తాడు. అక్కడ దెన్ రాయమనండి. నాకు మోరోవర్ కంటే ఈ ఆఫ్టర్‌తోనే ఎక్కువ తలనొప్పి.

దిద్దడం గురించి. ఎర్ర పెన్నుతో స్పెల్లింగులు, ఆర్టికల్స్ అన్నీ దిద్దితే మీరు నేర్పాలనుకున్నది ఆ ఎరుపులో మునిగిపోతుంది. మొదటి డ్రాఫ్ట్‌లో నేను రెండే చూస్తాను: మొదటి వాక్యం "ఎందుకు?" పరీక్షకి నిలబడిందా, దానికి జవాబు కాని వాక్యం ఏదైనా ఉందా. అలాంటి వాక్యానికి పక్కన ఒక చుక్క పెడతాను, ఎందుకు పెట్టానో వాళ్లే కనుక్కోవాలి. స్పెల్లింగులు రెండో డ్రాఫ్ట్‌లో. ఒకసారి మా స్కూల్‌కి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు, దిద్దని స్పెల్లింగులు చూపించి నన్ను గట్టిగానే అడిగారు. అదే పిల్లవాడి రెండో డ్రాఫ్ట్ తీసి చూపించాను. అందుకని రెండు డ్రాఫ్టులూ ఎదురెదురు పేజీల్లో రాయిస్తే మీకే మంచిది.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు. డైరీకి, కథకి టాపిక్ సెంటెన్స్ అడగకండి, అవి కాలం వరసలో నడుస్తాయి. పరీక్షలో హింట్స్ ఇచ్చి రాయమనే బయోగ్రఫికల్ స్కెచ్ కూడా చాలావరకు అంతే. పుట్టిన తేదీ, చదువు, పని, అవార్డులు. అక్కడ ఎవరు, దేనికి పేరు పొందారు అని మొదటి వాక్యం పెట్టించి, తర్వాత సంవత్సరాల వరసలో పొమ్మంటాను. వర్ణన, అభిప్రాయం రాయాల్సిన చోటే పైన చెప్పింది పూర్తిగా పనిచేస్తుంది.

ఇక వాక్యమే సొంతంగా రాయలేని పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు, మీ దగ్గరా ఉంటారు. వాళ్లకి పై పేరాగ్రాఫ్ లాంటిదే ఏడు చీటీలుగా కత్తిరించి, సంబంధం లేని వాక్యం ఒకటి అందులో కలిపి, జంటలుగా కూర్చోబెట్టి ఇవ్వండి. వరస పెట్టి, దొంగ వాక్యాన్ని పట్టుకోవాలి. "బట్" అని మొదలయ్యే చీటీని ఎవరైనా మొదటి స్థానంలో పెడితే పక్కవాడే నవ్వి తీసేస్తాడు, మీరు చెప్పక్కర్లేదు. తర్వాత అదే వరస చూసి నోట్‌బుక్‌లో ఎక్కించి, చెరువు బదులు తమ ఇంట్లో బర్రెనో, బావినో పెట్టి మార్చమనండి. మా క్లాసులో ఒక కుర్రాడు తన బర్రె మీద మూడు వారాలు అదే పేరాగ్రాఫ్ మార్చి మార్చి రాశాడు. నాలుగో వారం చీటీలు అడగలేదు.