అడిగే ధర వదిలేయండి, పలికిన ధర చూడండి

ప్రశ్న: "ఇండియాకి వచ్చేస్తున్నాను. నా నింటెండో స్విచ్ ఈబేలో అమ్మాలి. అందరూ 280, 300 డాలర్లు పెట్టారు. నేనూ అంతే పెట్టొచ్చా?"

పెట్టొచ్చు, కానీ పోదు. మీకు కనిపిస్తున్నవన్నీ ఇంకా ఎవరూ కొననివి. సరైన ధర పెట్టినవాళ్ళ సరుకు ఎప్పుడో పోయింది, ఆశపడ్డవాళ్ళది అలాగే ఉండిపోయింది.

డాలస్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ తన ఓఎల్ఈడీ స్విచ్ అమ్మిపెట్టమన్నాడు. 2021లో అది కొత్తగా వచ్చినప్పుడు 350 డాలర్లు. వాడు 290కి తగ్గనన్నాడు. ఫిల్టర్లలో Sold Items టిక్ చేసి, కండిషన్‌లో Used పెట్టి చూపించాను. పైనే 310కి పోయింది ఒకటి! "చూశావా!" అన్నాడు. తెరిస్తే దాంతోపాటు గేములు, ప్రో కంట్రోలర్ కూడా ఉన్నాయి. ఇంకోటి 95కే పోయింది, దానికి స్క్రీన్ పగిలింది. ఇలాంటివి పక్కన పెట్టి, డాక్, ఛార్జర్, రెండు జాయ్‌కాన్లు ఉన్నవే ఏరితే దాదాపు అన్నీ 200, 220 మధ్యే. షిప్పింగ్ విడిగా తీసుకున్నవాటికి ఆ డబ్బు కూడా కలిపే చూశాం.

వాడు 260 ఉన్న ఇంకోటి పట్టుకున్నాడు. దాని మీద అడ్డగీత ఉంది. అంటే బేరమాడి తక్కువకి కొన్నారని. ఎంతకో ఆ పేజీలో చెప్పరు. సెల్లర్ హబ్‌లో Product Research అని ఉంటుంది, అందులో అసలు పలికిన ధర కనిపిస్తుంది. అది 205కి పోయింది. మేము 215 పెట్టాం, మర్నాటికల్లా పోయింది.

అందులో ఈబే సుమారు 13 శాతం కోసుకుంటుంది. అంటే ఇంటికొచ్చి 190 క్యాష్ ఇచ్చి పట్టుకెళ్ళేవాడు దొరికితే అదీ దాదాపు సమానమే, పైగా ప్యాకింగ్ బాధ లేదు. మన మూవింగ్ సేల్ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం "కొన్నప్పుడు 350, 300కి ఇస్తా" అని పెడతారు. మీరు ఎంతకి కొన్నారో కొనేవాడికి ఎందుకండీ? దానికి తోడు అడిగినవాడికల్లా "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో" తప్ప వేరే మాట రాదు. చిరాకు.

షూస్ అయితే స్టాక్‌ఎక్స్‌లో సైజుని బట్టి చివరి అమ్మకం ధర కనిపిస్తుంది. మీ సైజుదే చూడండి, పక్క సైజు ధర చాలా తేడాగా ఉండొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈబే Sold Itemsలో మూడు నెలల వెనకటివీ వస్తాయి. స్విచ్ 2 లాంటిది మార్కెట్లోకి దిగితే పాత మోడల్ ధర మారిపోతుంది, అంతకు ముందు అమ్ముడైనవి లెక్కలోకి రావు. తేదీ చూసి, గత రెండు మూడు వారాలవే తీసుకోండి. ఇండియా వచ్చాక అమ్ముదామంటే ఓఎల్ఎక్స్‌లో అడిగే ధరే తప్ప పలికిన ధర కనిపించదు. అమెరికాలోనే అమ్మేసి రండి.