రష్యన్‌లో ప్రశ్న వాక్యం చివర ఉండదు, మధ్యలో ఉంటుంది

ప్రశ్న: రష్యాలో మెడిసిన్ చదువుతున్నాను. వాక్యం చివర గొంతు పైకి లేపితే ప్రశ్న అవుతుందని నేర్చుకున్నా. కానీ నేను అలా అడిగితే పేషెంట్లు జవాబు చెప్పకుండా నా మొహం చూస్తున్నారు. లెక్చరర్ మామూలుగా చెప్తున్నప్పుడేమో ప్రతి మాటా నన్ను అడుగుతున్నట్టే అనిపిస్తోంది. ఎక్కడ తేడా వస్తోంది?

నేనూ అక్కడే చదివాను. తర్వాత కొన్నాళ్లు వార్డుల్లో జూనియర్లకి హిస్టరీ తీసుకోవడం నేర్పాను. మీరు రాసిన రెండు ఇబ్బందులకీ మూలం ఒకటే. రష్యన్‌లో అవును-కాదు ప్రశ్న అడిగేటప్పుడు గొంతు లేచేది వాక్యం చివర కాదు. ఏ మాట గురించి అడుగుతున్నారో ఆ మాటలో ఊనిక పడే అక్షరం మీద ఒక్కసారిగా లేస్తుంది. ఆ వెంటనే కిందికి పడిపోయి, మిగతా వాక్యమంతా కిందే ఉండిపోతుంది. ఊనిక అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే నొక్కి పలకడం, క్లాసులో ‘ఉదరేనియె’ అంటారే, అదే.

మొదటి వారాల్లో చెప్పే చిన్న వాక్యమే తీసుకోండి: ‘అన్నా దోమ’. అన్నా ఇంట్లో ఉంది అని. (మన దోమ కాదు లెండి.) ఊనిక ‘దో’ మీద. మామూలుగా చెప్తే ‘దో’ దగ్గర గొంతు దిగుతుంది. అడిగితే అదే ‘దో’ దగ్గర నిటారుగా లేచి, ‘మ’ దగ్గరికి వచ్చేసరికి కిందికి వచ్చేస్తుంది. మనవాళ్లు చాలామంది ‘దో’ని చదునుగా అనేసి ‘మా’ని సాగదీస్తూ పైకి లాగుతారు. అప్పుడు రష్యన్ చెవికి ఊనిక రెండో అక్షరానికి మారినట్టు వినిపించవచ్చు. ఊనిక అక్కడుంటే ఆ మాటకి ‘ఇళ్లు’ అని అర్థం. ‘అన్నా ఇళ్లు...’ అని విని, వాక్యం ఇంకా పూర్తి కాలేదనుకుని ఎదుటివాళ్లు ఆగుతారు. మీ పేషెంట్లు మొహం చూస్తున్నది చాలావరకు అందుకే.

తెలుగువాళ్లకి దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఇంగ్లీష్ నుంచి మొదలెడితే మాత్రం దొరకదు. మనం ప్రశ్న అడగాలంటే ఏ మాట మీద అనుమానమో దానికి ‘ఆ’ తగిలిస్తాం. రష్యన్లు ఆ ‘ఆ’ పెట్టే చోట గొంతు లేపుతారు, అంతే. ‘వీ ప్రినిమాలి లెకార్‌స్త్వ’ అనే వాక్యం చూడండి. గొంతు ‘మా’ దగ్గర లేచి పడితే ‘మందు వేసుకున్నారా?’ అని. ‘కార్’ దగ్గర లేస్తే ‘వేసుకున్నది మందేనా?’ అని. మొదటి ‘వీ’ మీదే లేచి మిగతాదంతా కిందుంటే ‘వేసుకున్నది మీరేనా?’ అని. మాటలు మారలేదు, వాటి వరస కూడా మారలేదు. మూడు ప్రశ్నలూ వేరు. కాబట్టి అడిగే ముందు మనసులో తెలుగు వాక్యం అనుకుని, ‘ఆ’ ఎక్కడ పడిందో చూసుకుని, రష్యన్‌లో ఆ మాట ఊనిక మీద లేపండి.

మా వార్డులో ఒక జూనియర్ ఒక పెద్దావిడని ఇదే వాక్యం అడిగాడు. గొంతు చివరి ‘స్త్వ’ దాకా ఎక్కుతూనే పోయింది. ఆవిడ తలూపి, ఆ తర్వాత ఏం చెప్తాడా అని చూస్తోంది. అతనేమో ఆవిడకి వినపడలేదనుకుని అదే రాగంలో ఇంకా గట్టిగా అడిగాడు. ఈసారి ఆవిడ మొహం మాడిపోయింది. పక్కనున్న నర్సు అవే మాటల్ని ‘మా’ దగ్గర లేపి దించేసి అడగ్గానే, ‘ప్రినిమాల, ప్రినిమాల’ అని చెప్పేసింది. అక్కడ వ్యాకరణం తప్పేమీ లేదు. అందుకే అతనికి ఎంతకీ అర్థం కాలేదు.

ఆవిడకి కోపం రావడానికీ కారణం ఉంది. మాస్కో విశ్వవిద్యాలయంలో యెలేనా బ్రిజ్గునోవా అనే భాషావేత్త రష్యన్ రాగాలని ఏడు రకాలుగా విడదీశారు. విదేశీ విద్యార్థుల పుస్తకాల్లో ‘ఇకా’ అనే గుర్తు పక్కన అంకె ఉంటుంది కదా, అవే. అవును-కాదు ప్రశ్నది మూడో రకం. చివర నిజంగా పైకి లేచేది నాలుగోది. ‘అ వీ?’ (మరి మీరు?) అన్నట్టు ఎదురు ప్రశ్న వేయడానికి వాడతారు. ఇంకో వాడకం ‘వాష్ పాస్పర్త్?’ అని చెకింగ్ కౌంటర్లో అడిగే తీరు. మీరు ఇంగ్లీష్ అలవాటులో చివర లేపే రాగం దీనికి దగ్గరగా పడుతుంది. మీకు అది మర్యాదగా అడిగినట్టే ఉంటుంది. అవతలివాళ్లకి తనిఖీ చేస్తున్నట్టు తగులుతుంది.

మరి ఈ చివర లేపే అలవాటు క్లాసులోనే ఎందుకు పోలేదంటే, సగం తప్పు ఉదాహరణలది. ‘ఎత వ్రాచ్?’ (ఈయన డాక్టరా?), ‘అన్నా జ్‌ద్యేస్?’ (అన్నా ఇక్కడుందా?) లాంటి వాక్యాల్లో ఊనిక అక్షరమే చివరిది. లేచిన గొంతు దిగడానికి తర్వాత అక్షరం లేదు. వినేవాళ్లకి ఎక్కడం మాత్రమే వినిపించి, చివర లేపడమే నియమమని నాటుకుపోతుంది. మీకు ఎవరైనా నేర్పితే, ఊనిక తర్వాత కనీసం రెండు అక్షరాలు మిగిలే మాటలతో మొదలుపెట్టమనండి.

ఇక లెక్చరర్ సంగతి. ప్రశ్నలో వాడే ఆ మూడో రాగమే, పూర్తి కాని వాక్య భాగాలకి కూడా వాడతారు. ‘యెస్లి ఉ బల్నోవ వీసోకయ తెంపెరతూర’, అంటే ‘రోగికి జ్వరం ఎక్కువగా ఉంటే’, అని ‘తూ’ దగ్గర లేపి ఆగుతారు. తర్వాత ఏం చేయాలో చెప్తారు. మీకది ‘జ్వరం ఎక్కువుందా?’ అన్నట్టు వినిపిస్తుంది. ముందు బెంచీలో కూర్చుని ‘ద, ద’ అని జవాబిచ్చిన విద్యార్థుల్ని చాలామందినే చూశాను. రాగాన్ని బట్టి మాత్రమే తేల్చుకోవాలంటే కష్టం. అడిగేటప్పుడు గొంతు సాధారణంగా ఇంకాస్త ఎత్తుకి వెళ్తుంది కానీ, వేగంగా మాట్లాడేవాళ్ల దగ్గర ఆ తేడా చెవికి అందదు. అందుకని వాక్యం మొదలు పట్టుకోండి. ‘యెస్లి’, ‘కగ్దా’ (ఎప్పుడైతే), ‘పతముష్త’ (ఎందుకంటే) లాంటి మాట విన్నారంటే, తర్వాత గొంతు లేవడం చాలావరకు కామా లాంటిదే.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడిగే ప్రశ్నలకి అసలు లేపక్కర్లేదు. ‘గ్‌ద్యే బలీత్?’ (ఎక్కడ నొప్పి?) అని ప్రశ్న మాటని నొక్కి కిందికి దించేయండి. మన ‘ఎక్కడ నొప్పి?’లో ప్రశ్నని మోసేది ‘ఎక్కడ’ అనే మాటే, ఇదీ అంతే. చివర లేపితే, పేషెంటు అడిగినదాన్నే మీరు మళ్లీ అని నిర్ధారించుకుంటున్నట్టు ఉంటుంది.

మీ గొంతు సరైన చోట లేచిందో లేదో వచ్చే జవాబే చెప్తుంది. రష్యన్లు మీరు లేపిన మాటనే తిరిగి చెప్తారు, లేదా దాన్నే సరిచేస్తారు. ‘అన్నా దోమ?’ అంటే ‘ద, దోమ’ అనో ‘న్యెత్, న రబోత్యె’ (లేదు, పనిలో ఉంది) అనో వస్తే మీరు అనుకున్నదే అడిగారు. ‘న్యెత్, ఈర’ అని వేరే పేరు చెప్పారంటే మీ గొంతు ‘అన్నా’ దగ్గరే లేచిపోయింది. ఒంటరిగా సాధన చేయాలంటే కంప్యూటర్లో Praat అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, ఒక రష్యన్ ఫ్రెండ్ గొంతునీ మీ గొంతునీ అదే వాక్యంతో రికార్డ్ చేసి గీతలు పోల్చండి. ముందు చూడాల్సింది శిఖరం ఎంత ఎత్తుందో కాదు, దాని తర్వాత గీత కిందికి దిగి అక్కడే ఉందా అని. మనవాళ్ల రికార్డింగుల్లో ఎక్కువగా తప్పేది ఆ తోక భాగమే.

ఇదంతా తప్పించుకోవడానికి ‘లి’ అనే ప్రశ్న ప్రత్యయం వాడొచ్చు. ‘దోమ లి అన్నా?’ అంటే అచ్చం మన ‘ఆ’ లాగే పనిచేస్తుంది. కానీ మాటల్లో అది పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది, వార్డులో ఎవరూ అలా అడగరు.