బడిలో కొట్టిన దెబ్బలు: ఫొటో ఎలా తీయాలి, ఆస్పత్రిలో ఏం రాయించుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. హోంవర్క్ చేయలేదని మొన్న మధ్యాహ్నం బడిలో సార్ బెత్తంతో తొడల వెనక కొట్టారు, చెంప మీద కూడా కొట్టారు. వాతలు తేలాయి. చేయి అడ్డం పెట్టాడట, ఎడమ ముంజేయి నొప్పి అంటున్నాడు. చెవిలో గుయ్‌మంటోందట. మా వీధి డాక్టరు గారు మాత్రలు, పూత మందు ఇచ్చి చీటీ మీద 'ఒళ్లు నొప్పులు' అని రాశారు. బడివాళ్లేమో ఆడుకుంటూ పడ్డాడంటున్నారు. ఫోన్‌లో రెండు ఫొటోలు తీశాను. అవి చాలవా? సర్టిఫికెట్ ఎవరిస్తారు? – ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఫొటోల కంటే ముందు చెవి సంగతి చూడాలి. చెంపదెబ్బ చెవి మీదుగా పడితే కర్ణభేరి చిరగొచ్చు. ఆ చిరుగు కొత్తదైతే అంచులు చిందరవందరగా, నెత్తురు మరకతో కనిపిస్తాయి. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే మూసుకుపోతుంది. పిల్లవాడికి అది మంచిదే కానీ, ఆలస్యంగా చూపిస్తే అది దెబ్బ వల్ల చిరిగిందో, ఎప్పటిదో చీము వల్ల పడిన రంధ్రమో ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేరు. కాబట్టి ఈఎన్‌టీ డాక్టరు ఈ రోజే చూసి రాయాలి. చెవిలో వెచ్చని నూనె వేయకండి, స్నానం చేసేటప్పుడు నీళ్లు పోనీయకండి. వాంతులు, మగత, తలనొప్పి పెరగడం, మూత్రం ఎర్రగా రావడం లాంటివి ఏవి ఉన్నా ఫొటోల కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇక ఫొటోలు. మీరు తీసిన రెండింటినీ తీసేయకండి, ఎడిట్ చేయకండి. దెబ్బకు దగ్గరి సమయంలో తీసినవి అవే. కానీ అలాంటి ఫొటోలతో ఒక చిక్కుంటుంది. తొడ మీది వాత మాత్రమే కనిపిస్తుంది, ఆ తొడ ఎవరిదో, వాత ఎంత పొడవో తెలియదు. అందుకే ఒక్కో గాయానికీ మూడు దూరాల్లో తీయాలి. మొదటిది ముఖంతో సహా మనిషి మొత్తం కనిపించేలా. రెండోది గాయం ఏ భాగంలో ఉందో తెలిసేలా, అంటే తొడతో పాటు మోకాలి మడత కూడా ఫ్రేములోకి రావాలి. మూడోది దగ్గర నుంచి, గాయం పక్కనే పిల్లవాడి జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి. స్కేలు గాయానికి తగిలేంత పక్కన, అదే తలంలో ఉండాలి, గాయాన్ని మాత్రం కప్పకూడదు. స్కేలు లేకుండా కూడా ఒకటి తీయండి, లేదంటే స్కేలు కింద ఏదో దాచారని అడిగేవాళ్లుంటారు.

ఫోన్‌ను గాయానికి నిటారుగా, ఎదురుగా పట్టుకోండి. పక్క నుంచి తీస్తే తొమ్మిది సెంటీమీటర్ల వాత ఆరులా కనిపిస్తుంది. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర తీయండి. ఫ్లాష్ వెలుగు చర్మం మీద మెరిసి కమిలిన రంగును తినేస్తుంది. బ్యూటీ మోడ్, పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, వాటికి చర్మాన్ని నునుపు చేయడమే పని.

మన ఇళ్లలో దెబ్బ తగలగానే పసుపు రాస్తాం. ఫొటోకీ, డాక్టరు పరీక్షకీ ముందు మాత్రం వద్దు. కమిలిన చోట నెత్తురు విరిగి రంగులు మారుతుంది. మొదట ఎరుపు, తర్వాత నీలం, నలుపు, ఆపైన ఆకుపచ్చ, చివరికి పసుపు ఛాయ. ఆ పసుపు ఛాయ సాధారణంగా 18 గంటల లోపు రాదు. అలాంటప్పుడు కొత్త దెబ్బ మీద పసుపు మరక ఉంటే, ఇది పాత దెబ్బ అని ఎదుటి లాయరు అడగడానికి మనమే దారి ఇచ్చినట్టవుతుంది. ఇప్పటికే రాసి ఉంటే మెల్లగా కడిగి, ఆరాక తీయండి. రాశామన్న సంగతి డాక్టరుకు చెప్పండి, అందులో దాచాల్సిందేమీ లేదు. రంగు చూసి ఇన్ని గంటల క్రితం దెబ్బ అని లెక్కగట్టడం మా వల్ల కూడా కాదు, ముఖ్యంగా చామనఛాయ పిల్లల్లో. ఇది కొత్తది, ఇది కొన్ని రోజులది అనేంతవరకే చెప్పగలం.

లోతుగా తగిలిన దెబ్బ రెండో రోజో మూడో రోజో పైకి తేలుతుంది. ఈ రోజు ఏమీ లేని చోట రేపు నల్లగా కమలవచ్చు. అందుకే మూడు నాలుగు రోజుల పాటు రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో మళ్లీ తీయండి. ఒరిజినల్ ఫైళ్లు ఫోన్‌లోనే ఉంచండి, ఫోన్ అమ్మేయకండి, రీసెట్ చేయకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. ఎవరికైనా పంపాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఊరి గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మీ అబ్బాయి మైనరు, అతనెవరో బయటపెట్టడం చట్టం ఒప్పుకోదు. పిరుదుల మీద, మర్మాంగాల దగ్గర దెబ్బలుంటే ఆ ఫొటోలు ఇంట్లో తీయకండి. ఆ పరీక్ష, రికార్డు పని డాక్టరుదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కోర్టులో ఫొటో మాట్లాడదు, దాన్ని తీసినవాళ్లు వచ్చి చెప్పాలి. ఆస్పత్రి రికార్డు రాసినది మాత్రం ఏ పక్షానికీ సంబంధం లేని డాక్టరు, రాసినది అదే రోజు. రెండూ ఒకే మాట చెబితే కేసు నిలబడుతుంది. మీ ఫొటోలో వాత ఉండి, చీటీ మీద 'ఒళ్లు నొప్పులు' అని ఉంటే ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేస్తారు.

ఆ చీటీని చింపేయకండి, ఆ డాక్టరు గారిని దిద్దమనీ, వెనక తేదీతో కొత్తది ఇమ్మనీ అడగకండి. అది ఫలానా తేదీన వైద్యానికి వెళ్లారని చెప్పే కాగితం, అంతవరకు పనికొస్తుంది. దాన్ని జేబులో పెట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ఓపీ కౌంటర్‌లో 'నొప్పులు' అని కాకుండా 'దెబ్బలు కొట్టారు, ఎమ్మెల్సీ రాయాలి' అని చెప్పండి. ఎమ్మెల్సీ అంటే మెడికో లీగల్ కేసు, పోలీసులకు తెలియజేయాల్సిన గాయాలకు ఆస్పత్రి రాసే రికార్డు. ముందు పోలీసుల దగ్గరికెళ్లి లెటర్ తెమ్మని కొందరు తిప్పి పంపుతారు. అది సరికాదు. ఒకరు కొట్టిన దెబ్బలని తెలిస్తే డ్యూటీ డాక్టరు తానే ఎమ్మెల్సీ నమోదు చేసి పోలీసులకు ఇంటిమేషన్ పంపాలి. రెండు మూడు రోజులు ఆలస్యమైనా నమోదు చేయొచ్చు, ఆలస్యానికి కారణం రాయమనండి.

డాక్టరు ముందు అబ్బాయినే చెప్పనివ్వండి. ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి, ఎక్కడ, దేనితో, ఎన్ని దెబ్బలు, ఎక్కడెక్కడ తగిలాయి. వాడికి గుర్తు లేనిది మీరు పూరించకండి. డాక్టరు 'బాలుడు చెప్పిన ప్రకారం' అని రాస్తారు, నమ్మలేదని దానర్థం కాదు, అందరి కేసుల్లోనూ అలాగే రాస్తాం. తర్వాత ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు గుర్తుగా రాసుకుంటారు, వేలిముద్ర తీసుకుంటారు, పరీక్ష చేసిన టైము వేస్తారు. ఇదంతా ఆ గాయాలు ఈ పిల్లవాడివే అని రేపు తేల్చడానికి.

ఇక గాయాన్ని ఎలా రాశారన్నది చూడండి. 'రెండు తొడల మీద కమిలిన గాయాలు' అని ఒక్క లైనులో ముగిస్తే పడ్డాడన్నా సరిపోతుంది, కొట్టారన్నా సరిపోతుంది. అదే డాక్టరు ఇలా రాశారనుకోండి: 'ఎడమ తొడ వెనక, మోకాలి మడతకు 12 సెం.మీ. పైన, అడ్డంగా రెండు సమాంతర కమిలిన గీతలు, పొడవు 9 సెం.మీ., మధ్యలో 1 సెం.మీ. వెడల్పున మామూలు చర్మం, రంగు నీలం'. బెత్తం లాంటి గుండ్రటి కర్ర తగిలినప్పుడు దాని కింది నెత్తురు రెండు పక్కలకూ నెట్టుకుపోతుంది. అందుకే రైలు పట్టాల్లా రెండు గీతలు పడి మధ్యలో చర్మం తెల్లగా మిగులుతుంది. మైదానంలో జారిపడిన పిల్లవాడికి మోకాలి చిప్పకు, అరచేతికి, మోచేతికి గీరుకుపోతుంది కానీ తొడ వెనక ఇలాంటి జంట గీతలు పడవు. బడివాళ్ల మాటకు జవాబు ఆ ఒక్క వాక్యంలో ఉంది. కాబట్టి ప్రతి గాయానికీ చోటు, కొలత, ఆకారం, రంగు విడివిడిగా రాయమని మర్యాదగా అడగండి. మీ ఫొటోలు తోడుగా చూపించండి. ఎవరు కొట్టారన్నది మాత్రం ఏ డాక్టరూ చెప్పలేరు. మొద్దు వస్తువుతో అయిన గాయం, చెప్పిన తీరుకు సరిపోతోంది అనేదే మా హద్దు.

ముంజేయికి ఎక్స్‌రే తప్పనిసరిగా అడగండి. దెబ్బకు అడ్డం పెట్టిన చేతిలో చిటికెన వేలు వైపు ఎముక చిట్లడం మేము చూసేదే. ఎముక విరిగితే అది చట్టం ప్రకారం తీవ్ర గాయం అవుతుంది, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ కిందికి వస్తుంది. ఎక్స్‌రే, ఈఎన్‌టీ రిపోర్టులు వచ్చేవరకు డాక్టరు తన అభిప్రాయాన్ని పెండింగ్‌లో పెడతారు, ఆ తర్వాతే సాధారణమా తీవ్రమా అని రాస్తారు. అందుకే రిపోర్టులు రాకముందే ఇచ్చిన 'సాధారణ గాయాలు' అన్న మాటతో తృప్తిపడి ఇంటికి వచ్చేయకండి.

మీరడిగిన సర్టిఫికెట్‌ను, అంటే వూండ్ సర్టిఫికెట్‌ను, మామూలుగా పోలీసులు లెటర్ పెడితే వాళ్లకే పంపిస్తారు. మీ చేతికి వెంటనే రాలేదని టెన్షన్ పడొద్దు. ఎమ్మెల్సీ నంబరు, డాక్టరు పేరు, తేదీ రాసుకోండి, ఓపీ చీటీ, ఎక్స్‌రే ఫిల్ము మీ దగ్గర ఉంచుకోండి. పిల్లవాడి వైద్య రికార్డుల కాపీ కావాలని రాతపూర్వకంగా అడిగితే డాక్టర్లు 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నిబంధన. వీధి డాక్టరు గారి దగ్గర కేస్ షీట్ ఉంటే దాని కాపీ కూడా ఇలాగే అడగండి. ఆ రోజు వేసుకున్న యూనిఫాం మీద చిరుగో నెత్తుటి మరకో ఉంటే ఉతకకుండా, నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. పోలీసులు పట్టించుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజుల తర్వాత మరోసారి తీయించండి, సన్నని చిట్లు అప్పుడు బయటపడుతుంది. ఆ రిపోర్టును కూడా అదే ఎమ్మెల్సీ నంబరు కింద చేర్చమనండి. కర్ణభేరి చిరిగిందని తేలితే ఇప్పుడొకసారి, అది మూసుకున్నాక ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి శాశ్వతంగా పోయిందా లేదా అన్నది ఆ రెండు గ్రాఫులను పోల్చే తేలుస్తారు.

– ఫోరెన్సిక్ మెడిసిన్ నిపుణులు