దీపావళి ఆర్డర్ల కోసం పెద్ద ఓవెన్ కొనాలా?

ప్రశ్న: నేను గృహిణిని. ఇంట్లో ఉన్న 28 లీటర్ల ఓటీజీలో కేకులు, నాన్‌ఖటాయి చేసి మూడు నెలలుగా తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. బటర్‌స్కాచ్ కేకు కిలో రూ.500 (ఇంటికి తెచ్చి ఇస్తా), నాన్‌ఖటాయి కిలో రూ.450. నెలకు 20 కేకులు, 8 కిలోల నాన్‌ఖటాయి పోతున్నాయి. అయినా నెలాఖరుకు చేతిలో డబ్బు కనబడటం లేదు. దీపావళికి స్వీట్లు కూడా అడుగుతున్నారు. బంగారం మీద రూ.60 వేలు తీసుకుని పెద్ద ఓవెన్ కొనమని మావారు అంటున్నారు. కొనమంటారా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడు వద్దండి. మీకు అడ్డుపడుతున్నది ఓవెన్ కాదు. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఒక్క కేకు లెక్క వేసుకుందాం. ధరలు నా అంచనా. మీ కిరాణా బిల్లు పక్కన పెట్టుకుని సరిచేసుకోండి.

కిలో బటర్‌స్కాచ్ కేకు స్పాంజికి మైదా, పంచదార, నాలుగు గుడ్లు, నూనె, ఎసెన్సు కలిపి సుమారు రూ.65. విప్పింగ్ క్రీమ్ 350 గ్రాములకు రూ.80. క్రంచ్, సిరప్ రూ.40. ఇక్కడితో రూ.185. చాలామంది ఇక్కడే ఆగి, ‘కేకుకు మూడొందలు మిగులుతోంది’ అనుకుంటారు. డబ్బా, బోర్డు, కొవ్వొత్తి, ప్లాస్టిక్ కత్తికి రూ.45 వేయండి. ప్రీహీట్‌తో కలిపి ఓవెన్ యాభై నిమిషాలు నడిస్తే కరెంటుకు రూ.10. బండి పెట్రోలుకు రూ.40. పదిహేను కేకుల్లో ఒకటి కుంగిపోవడమో, అడుగు మాడడమో ఖాయం కాబట్టి దానికి రూ.15. మొత్తం రూ.295. అంటే మీకు మిగిలేది రూ.205. కలపడం, ఐసింగ్, గిన్నెలు కడగడం, వెళ్లి ఇచ్చి రావడం అన్నీ చూస్తే ఒక కేకుకు మూడు గంటలు పోతాయి. గంటకు డెబ్బై రూపాయలు కూడా పడటం లేదు.

నాన్‌ఖటాయి వేరే కథ. కిలోకు అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం నెయ్యిదే. 300 గ్రాముల నెయ్యికి రూ.195, మైదా, శనగపిండి, పంచదార, యాలకులకు రూ.55, ప్యాకింగు, కరెంటుకు రూ.40. మొత్తం రూ.290 పోతే మిగిలేది రూ.160. కేకు కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. కానీ పిండి కలిపి ఉండలు చేయడానికి పట్టేది గంట. మీ ఓటీజీలో కిలో కాలడానికి మూడు ట్రేలు పెట్టాలి నిజమే, అవి కాలుతుంటే మీరు వంట చేసుకోవచ్చు. పైగా గాలి చొరని డబ్బాలో రెండు వారాలు నిలవ ఉంటుంది. కేకు అలా కాదు. పైన ‘హ్యాపీ బర్త్‌డే చిన్ని’ అని రాశాక వాళ్లు వద్దంటే ఇంకో చిన్ని దొరకదు. అందుకే సగం అడ్వాన్సు చేతికి వచ్చాకే గుడ్డు పగలగొట్టండి, చుట్టాలైనా సరే.

ఈ లెక్కన మీకు నెలకు కేకుల మీద రూ.4,100, నాన్‌ఖటాయి మీద రూ.1,280, వెరసి రూ.5,380 మిగలాలి. అది కూడా కనబడటం లేదంటే ఎక్కడో కారుతోంది. నా అనుమానం మొదట క్రీమ్ మీద. గడ్డకట్టిన కిలో ప్యాకెట్‌ను ఒకసారి కరగనిస్తే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, పెడితే తర్వాత సరిగా పొంగదు. కరిగాక అది ఫ్రిజ్‌లో నిలిచే నాలుగైదు రోజుల్లో మరో రెండు కేకులు రాకపోతే రూ.140 పైగా విలువైన క్రీమ్ సింకులోకి పోతుంది. వారానికి రెండుసార్లు ఇలా జరిగితే నెలకు వెయ్యి దాటుతుంది. ఒకటే ఆర్డరు ఉన్న వారంలో ఏం చేయాలంటారా? క్రీమ్ కేకు బదులు టీ కేకు, ఫ్రూట్ కేకు ఇవ్వజూపండి. రెండో అనుమానం అరువు. ‘తర్వాత ఫోన్‌పే చేస్తాలే’ అన్న పేర్లు ఒక కాగితం మీద రాసి చూడండి. మూడోది, ఇంటి సరుకూ వ్యాపారం సరుకూ ఒకే డబ్బాలోంచి తీయడం. ఇంటికి తెచ్చిన నెయ్యి నాన్‌ఖటాయిలోకి, అమ్మిన డబ్బు పాల ప్యాకెట్లకు పోతుంటే ఏ లెక్కా తేలదు. విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, యూపీఐ దానికే కలపండి.

కేకు ధర రూ.600 చేసి, డెలివరీకి రూ.40 విడిగా తీసుకోండి. ఒకరిద్దరు మానేస్తారు. ఇరవైలో పదిహేను మంది ఉన్నా నెలకు రూ.5,175 మిగులుతుంది, పని తగ్గుతుంది.

ఇక దీపావళి. మీ వైపు పండగకి అడిగేవి సున్నుండలు, అరిసెలు, కజ్జికాయలే అయ్యుంటాయి. వీటిలో ఒక్కటి కూడా ఓవెన్‌లోకి వెళ్లదు! పొయ్యి, మూకుడు చాలు. కిలో సున్నుండలకు మినపప్పు, బెల్లం, నెయ్యి కలిపి సుమారు రూ.240, గ్యాసు, డబ్బాతో రూ.280. అచ్చమైన నేతివని తెలిస్తే రూ.600 ఇస్తారు. పప్పు దోరగా వేయించి మరపట్టడంతో సహా గంటన్నర పని, రూ.320 మిగులు. వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. అరిసెలకు మాత్రం పాకం పట్టడం బాగా వచ్చిన చేయి తోడుంటేనే ఒప్పుకోండి. పాకం ముదిరితే ఆ వాయి అంతా గట్టిపడిపోతుంది.

పెద్ద ఓవెన్ అక్కర పడేది డిసెంబర్‌లో అనుకుంటారు. అప్పుడు కూడా చూడండి. ఇప్పుడున్న దాంట్లోనే ఆరు గంటల్లో ఏడు స్పాంజిలు వస్తాయి. వాటిని ముందురోజే కాల్చి చుట్టి పెట్టుకోవచ్చు. ఐసింగ్ ఒక్కోదానికి గంట, అంటే ఏడు గంటలు నిలబడాలి. అయ్యాక ఎక్కడ పెడతారు? మామూలు ఇంటి ఫ్రిజ్‌లో కూరగాయలు తీసేసినా నాలుగైదు డబ్బాలకు మించి పట్టవు. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ డిసెంబర్ 31 సాయంత్రం పక్క ఫ్లాట్ల ఫ్రిజ్‌లన్నీ అరువు తీసుకుంది. మా ఇంట్లో రెండు డబ్బాలు పెట్టింది. రాత్రి తొమ్మిదింటికి ఏది ఎవరిదో వెతుక్కునే సరికి ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. ఓవెన్ మాత్రం మధ్యాహ్నం నుంచి చల్లగానే ఉంది.

రూ.60 వేల అప్పు తీరాలంటే, రూ.205 చొప్పున 293 కేకులు కావాలి. నెలకు ఇరవై లెక్కన పద్నాలుగు నెలలు దాటుతుంది, వడ్డీ కాకుండానే. చాలా బంగారు రుణాల్లో నెలనెలా అసలు కట్టే పని ఉండదు. హాయిగానే ఉంటుంది గానీ, గడువు నాటికి అసలంతా ఒక్కసారి మీద పడుతుంది. కట్టలేకపోతే నగలు వేలానికి పోతాయి. పెద్ద ఓవెన్‌కు ఇంటి వైరింగు, మీటరు లోడు చాలకపోతే ఆ ఖర్చు వేరే.

ఒక నోటుబుక్కులో కాదన్న ప్రతి ఆర్డరూ, ఎందుకు కాదన్నారో రాయండి. ‘ఓవెన్ ఖాళీ లేదు’ అన్న కారణం వరుసగా రెండు నెలలు, నెలకు పదిసార్లు కనబడితే అప్పుడు ఆలోచిద్దాం. అప్పటికైనా నగలు ముట్టుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణాల్లో శిశు కేటగిరీ కింద రూ.50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, వాయిదాల్లో కట్టుకోవచ్చు.

దీపావళి ఆర్డర్లు పట్టే ముందు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోండి. మీ స్థాయికి ఫీజు నామమాత్రమే. foscos.fssai.gov.in లో దరఖాస్తు చేస్తే 14 అంకెల నంబరు వస్తుంది, డబ్బా మీద వేసుకోవాలి.

అంతగా ఏదైనా కొనాలని ఉంటే ఒక డిజిటల్ కాటా, ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనండి. రెండూ కలిపి వెయ్యి లోపే. ఇంటి ఓటీజీల నాబ్ 180 చూపిస్తున్నా లోపల పది, ఇరవై డిగ్రీలు తేడా ఉండటం మామూలే. అడుగు మాడుతున్న కేకుల సంగతి అక్కడే తేలొచ్చు.