దగ్గుతో వచ్చిన గొంతు నొప్పికి అజిత్రోమైసిన్ ఎందుకు వద్దంటే

"మూడు రోజులుగా జలుబు, గొంతు నొప్పి, దగ్గు. జ్వరం లేదు గానీ నిన్నటి నుంచి కఫం పచ్చగా పడుతోంది. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ 500 మూడు మాత్రలు ఇచ్చారు, వేసుకోనా? మా ఎనిమిదేళ్ల బాబుకి దగ్గు లేదు, కానీ 102 జ్వరం, గొంతు నొప్పి, దవడ కింద బిళ్లలు కట్టాయి. వాడికి సగం మాత్ర వేయొచ్చా?"

మీరు వేసుకోకండి. బాబుని మాత్రం రేపే డాక్టరుకి చూపించండి. వాడికి యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు, కానీ అది ఈ సగం మాత్ర కాదు.

మామూలుగా యాంటీబయాటిక్‌తో పని పడే గొంతు నొప్పి ముఖ్యంగా ఒక్కటే: గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేది. అది వస్తే గొంతు మింగుడు పడనంతగా నొప్పి పుడుతుంది, జ్వరం ఒక్కసారిగా ఎక్కుతుంది. కానీ ముక్కు కారదు, దగ్గు రాదు, గొంతు బొంగురుపోదు. ఇవన్నీ వైరస్ గుర్తులు. అందుకే డాక్టర్లు నాలుగు విషయాలు చూసి ఒక్కోదానికి ఒక పాయింటు వేస్తారు: 100.4 దాటిన జ్వరం, టాన్సిళ్ల వాపు లేదా వాటి మీద తెల్లటి చీము, మెడ ముందువైపు నొక్కితే నొప్పెట్టే బిళ్లలు, దగ్గు లేకపోవడం. వయసు 3 నుంచి 14 మధ్య అయితే ఒకటి కలుపుతారు, 45 దాటితే ఒకటి తీసేస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీకు సున్నా, పరీక్ష కూడా అక్కర్లేదు. బాబుకి జ్వరం, బిళ్లలు, దగ్గు లేకపోవడం, వయసు కలిపితే టాన్సిళ్లు చూడకముందే నాలుగు. అంతమాత్రాన స్ట్రెప్ అని తేలిపోలేదు. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది.

స్ట్రెప్ అని తేలినా, నొప్పి తగ్గడం కోసమే అయితే మందు పెద్దగా చేసేదేమీ లేదు, మహా అయితే ఒక రోజు ముందు తగ్గుతుంది. అసలు భయం రుమాటిక్ జ్వరం గురించి. కొంతమంది పిల్లల్లో గొంతు నయమైన రెండు మూడు వారాలకి కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు మందు మొదలుపెట్టినా దీన్ని ఆపవచ్చు, కాబట్టి పరీక్ష ఫలితం కోసం ఒకటి రెండు రోజులు ఆగితే నష్టం లేదు.

అప్పుడిచ్చే మందు సాధారణంగా అమాక్సిసిలిన్. కిలోకి రోజుకి 50 మిల్లీగ్రాముల లెక్కన, 20 కిలోల పిల్లాడికి 500 చొప్పున రెండు పూటలు, పది రోజులు. ఎక్కువగా చెడేది ఇక్కడే. మూడో రోజుకి జ్వరం పోతుంది, ఇంట్లోవాళ్లు మందు ఆపేస్తారు, గొంతులో బ్యాక్టీరియా అలాగే మిగిలిపోతుంది. అజిత్రోమైసిన్ పెన్సిలిన్ పడనివాళ్ల కోసం. స్ట్రెప్ ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది, అజిత్రోమైసిన్‌కి మాత్రం చాలాచోట్ల లొంగడం లేదు. పైగా దాన్ని స్ట్రెప్‌కి అయిదు రోజులు ఇవ్వాలి. షాపువాళ్లు అందరికీ ఒకే కొలతగా చేతిలో పెడుతున్న ఈ మూడు మాత్రల పట్టీ చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. బరువు అడగరు, గొంతు చూడరు, పట్టీ మీద ఎర్ర గీత ఉన్నా చీటీ అడగరు.

ఇక మీ పచ్చటి కఫం. ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. వైరస్‌తో పోరాడేటప్పుడు కూడా ఆ కణాలు కఫంలో చేరతాయి, కాబట్టి రంగు చూసి బ్యాక్టీరియా అనుకోకూడదు. పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా చేస్తుంది, అజిత్రోమైసిన్ అది ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపుతుంది. వైరస్‌కి ఆ గోడా లేదు, ఆ యంత్రాంగమూ లేదు. మన కణాలనే వాడుకుని పెరుగుతుంది. మందుకి దొరికేది మీ పేగుల్లోని మంచి బ్యాక్టీరియానే, అందుకే విరేచనాలు.

"వేసుకుంటే తగ్గిందిగా" అంటారు. జలుబుతో వచ్చే గొంతు నొప్పి సాధారణంగా నాలుగైదు రోజులకి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. జనం మాత్ర వేసుకునేది మూడో రోజు. పేరు మాత్రకి పోతుంది. దగ్గు మాత్రం మాత్ర వేసుకున్నా వేసుకోకున్నా రెండు మూడు వారాలు ఉండొచ్చు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, నొప్పికి పారాసెటమాల్ వేసుకోండి, రాత్రి చెంచా తేనె తీసుకోండి. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె వద్దు.

దగ్గుకి యాంటీబయాటిక్ అవసరమయ్యేది ముఖ్యంగా న్యుమోనియాకి. జ్వరం తగ్గి మళ్లీ ఎక్కడం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టుండటం, ఆయాసం, కఫంలో రక్తం కనిపిస్తే ఆగకండి. ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లలు నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి లాగుతున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ కోసం కఫం పరీక్ష చేయించాలి. ఆ పరీక్షకి ముందు షాపులో లెవోఫ్లాక్సాసిన్ లాంటిది కొని వాడితే అది టీబీ మీదా కొంత పనిచేసి, రోగాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది.