ప్రోనోటు దావా: పరీక్షలో ఆ మూడు పేరాలు ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, నేను విజయవాడలో ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాది చదువుతున్నాను. డ్రాఫ్టింగ్ ప్రాక్టికల్‌కి ఇచ్చిన సమస్య ఇది. వాది గుంటూరు, ప్రతివాది విజయవాడ. 10-06-2022న గుంటూరులో 2 లక్షలు ఇచ్చి, రూపాయి వడ్డీకి ప్రోనోటు రాయించుకున్నారు. 15-04-2024న ప్రతివాది 10,000 కట్టి నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేశారు. 05-11-2025న లాయర్ నోటీసు ఇచ్చారు, జవాబు లేదు. దావా తేదీ 10-12-2025. "నోటీసుకు జవాబివ్వనందున కాజ్ ఆఫ్ యాక్షన్ కలిగింది", "వాది గుంటూరు నివాసి కనుక ఈ కోర్టుకు అధికారం ఉంది", "రూ.2,74,000 ఇప్పించ ప్రార్థన" అని రాశాను. మా సార్ మూడూ కొట్టేశారు. ఎందుకు?

జవాబు: లెక్క మాత్రం సరిగ్గా వేశారమ్మా. నెలకు 2,000 చొప్పున 42 నెలల వడ్డీ 84,000, అందులో కట్టిన 10,000 పోగా 74,000. ఆ పదివేలు వడ్డీకే జమ అవుతుంది కాబట్టి అసలు 2 లక్షలూ అలాగే ఉంటుంది. ఇక కొట్టేసిన పేరాల సంగతి చూద్దాం.

నోటీసు వల్ల అప్పు పుట్టదు. డబ్బు ఇచ్చి నోటు రాయించుకున్న రోజే వాదికి హక్కు పుట్టింది. డిమాండ్ ప్రోనోటుకు మూడేళ్ల గడువు కూడా నోటు తేదీ నుంచే నడుస్తుంది. ఆ లెక్కన 10-06-2025తో గడువు అయిపోయింది, మీ దావా వేసింది డిసెంబరులో. మీరు రాసిన పేరా చదివిన జడ్జికి దావాకు కాలదోషం పట్టిందనే అనిపిస్తుంది. దాన్ని కాపాడేది ఆ చెల్లు ఒక్కటే. గడువు లోపల కొంత కట్టి, కట్టినవారే స్వయంగా రాసినా, సంతకం పెట్టినా, లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. అంటే 15-04-2027 దాకా. వాది తనే రాసుకుని, ప్రతివాది సంతకం లేని చెల్లు అయితే పనికిరాదు. గడువు దాటాక వేసే దావాలో ఈ మినహాయింపు ఎలా వచ్చిందో ప్లెయింట్‌లోనే చెప్పాలని సీపీసీ ఆర్డర్ 7 రూల్ 6 అంటుంది. అందుకే సమస్యలో ఆ తేదీ ఇచ్చారు. ఇలా రాయండి:

"ప్రతివాది 10-06-2022న గుంటూరులో వాది వద్ద రూ.2,00,000 అప్పు తీసుకుని ప్రోనోటు రాసి ఇచ్చినప్పుడు, 15-04-2024న రూ.10,000 చెల్లించి నోటు వెనుక తన సంతకంతో చెల్లు వేసినప్పుడు, 05-11-2025 నాటి నోటీసు అందినా బాకీ తీర్చనప్పుడు ఈ దావాకు కారణం కలిగినది. సదరు చెల్లు వలన దావా గడువులోనే ఉన్నది."

నోటీసు కూడా ఉండనివ్వండి, తప్పులేదు. దాని మీదే పేరా అంతా నిలబెట్టకూడదు.

అధికార పరిధికి వాది ఎక్కడుంటారన్నది సీపీసీ సెక్షన్ 20 అడగదు. ప్రతివాది ఎక్కడ నివసిస్తున్నారు, ఎక్కడ వ్యాపారం లేదా ఉద్యోగం చేస్తున్నారు, దావా కారణంలో కొంతైనా ఎక్కడ జరిగింది అన్నవే అడుగుతుంది. కాబట్టి ఈ దావా విజయవాడలోనూ వేయొచ్చు, గుంటూరులోనూ వేయొచ్చు. గుంటూరు ఎంచుకుంటే, "అప్పు ఇచ్చినదీ ప్రోనోటు రాసినదీ గుంటూరులో, ఈ కోర్టు పరిధిలోనే" అని వాస్తవం చెప్పండి. "ఈ కోర్టుకు అధికారం ఉంది" అన్న ఒక్క వాక్యం వాస్తవం కాదు, మన అభిప్రాయం. నోటు విజయవాడలో రాసి, డబ్బు కూడా అక్కడే ఇచ్చారని ప్రశ్న మార్చి ఇస్తే గుంటూరు పేరా అక్కడే కూలిపోతుంది. పరీక్షల్లో ఈ మెలిక పెడుతుంటారు, చూసుకోండి. దావా విలువ రూ.2,74,000 అనీ, దాని మీదే కోర్టు ఫీజు కట్టామనీ కూడా రాయాలి. ఆ విలువకు జూనియర్ సివిల్ జడ్జి కోర్టే సరిపోతుంది. తీసుకెళ్లి జిల్లా కోర్టు పేరు పెట్టకండి.

ప్రార్థనలో మీరు వదిలేసింది దావా వేసిన తర్వాతి వడ్డీ. దీన్ని చాలామంది మరిచిపోతారు, నిజమైన కేసులో నష్టపోయేది పాపం కక్షిదారే. డిక్రీ తర్వాతి వడ్డీ గురించి డిక్రీలో ఏమీ లేకపోతే కోర్టు నిరాకరించినట్టే లెక్క, దానికోసం మళ్లీ దావా కుదరదు. అలాగని 2,74,000 మీద వడ్డీ అడగకూడదు, వడ్డీ మీద వడ్డీ అవుతుంది.

"రూ.2,74,000, అందులో అసలు రూ.2,00,000పై దావా తేదీ నుండి డిక్రీ వరకు సాలుకు 12 శాతం, తదుపరి వసూలు వరకు 6 శాతం వడ్డీతో, దావా ఖర్చులతో సహా ప్రతివాది వాదికి చెల్లించునట్లు డిక్రీ దయచేయ ప్రార్థన." చివర్లో కోర్టు సబబని తోచిన ఇతర పరిహారం అన్న మామూలు మాట కలపండి. వ్యాపార లావాదేవీ కాని అప్పుకు డిక్రీ తర్వాత 6 శాతం దాటి ఇవ్వరు కాబట్టే వడ్డీని రెండుగా విడగొట్టాను.

ఇంత రాశాక కింద వెరిఫికేషన్ లేకపోతే మార్కులు పోతాయి. ఏ పేరాలు వాదికి స్వయంగా తెలిసినవో, ఏవి లాయర్ చెప్పగా నమ్మినవో నంబర్లతో రాసి, తేదీ, ఊరు వేసి, వాది సంతకానికి చోటు వదలండి. పరీక్ష పేపర్‌లో మీ సొంత సంతకం మాత్రం పెట్టకండి.