తెలుగు కథలకు టీటీఎస్ వాయిస్: నెల కోటా, కమర్షియల్ లైసెన్స్

ప్రశ్న: "యూట్యూబ్‌లో కథల ఛానల్ పెట్టాను. రాసిన కథను గొంతుతో చదివి ఆడియో చేసిచ్చే టీటీఎస్ సర్వీసు వాడుతున్నాను. ఫ్రీ ప్లాన్‌లో నెలకు 10,000 క్యారెక్టర్లు ఇస్తామన్నారు, ఒక్క కథకే దాదాపు అయిపోయాయి. నా లెక్క ప్రకారం అందులో సగం కూడా లేవు. పెయిడ్ ప్లాన్ తీసుకుంటే, ఇప్పటిదాకా చేసిన పాత ఆడియోలకు కూడా డబ్బులు సంపాదించుకోవచ్చా?"

మీ లెక్క తేడా రావడానికి కారణం మన లిపి. మీరు అక్షరాలు లెక్కపెట్టి ఉంటారు, వాళ్లు యూనికోడ్ గుర్తులు లెక్కపెడతారు. వత్తు ఇచ్చినా, గుడి పెట్టినా ఒక్కోటి విడిగా లెక్కలోకి వస్తుంది. పైథాన్ ఉంటే ఇది చూడండి:

```
len("స్త్రీ")   # 6
```

మన కంటికి ఒకటే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం కలిపి ఆరు. ఖాళీలు, చుక్కలు, కామాలు కూడా లెక్కే. మీ సర్వీసు ఎలా లెక్కేస్తుందో తెలుసుకోవాలంటే ఆ ఒక్క మాట ఇచ్చి ఆడియో చేసి, కోటా ఎంత తగ్గిందో చూడండి.

అంకెల దగ్గర ఇంకో ఖర్చు ఉంది. 2024 అని రాస్తే నాలుగే. కానీ నేను వాడిన వాయిస్ దాన్ని అప్పుడప్పుడు ఇంగ్లీషులో చదివేసేది. అందుకని "రెండు వేల ఇరవై నాలుగు" అని విడమరిచి రాయాల్సి వచ్చేది, అది 21. పైగా ఒక మాట తప్పు పలికిందని పేరా మొత్తం మళ్లీ చేయిస్తే, ఆ పేరా మొత్తం మళ్లీ కోటాలోంచి పోతుంది. ముందు పేర్లు, అంకెలు ఉన్న వాక్యాలు మాత్రమే విడిగా వినిపించుకుని, సరిచేసుకున్నాకే కథ మొత్తం ఇవ్వండి. నా కోటాలో బాగా మిగిలింది దీనివల్లే.

ఇక పాత ఆడియోల సంగతి. నేను దెబ్బతిన్నది ఇక్కడే, కొంచెం వివరంగా చెప్తాను.

నేనూ ఫ్రీ ప్లాన్‌లో నెలకో కథ చొప్పున ఆరు కథలు చేశాను. ఒక్కోటి సుమారు 8,000 క్యారెక్టర్లు. ఛానల్‌కు మానిటైజేషన్ వచ్చే టైమ్‌కి నెలకు 30,000 ఇచ్చే పెయిడ్ ప్లాన్ తీసుకున్నాను. దాంతో అన్నీ సరిపోయాయి అనుకున్నాను. తర్వాత ఒక ఆడియో యాప్ వాళ్లు ఆ ఆరు కథలు తీసుకుంటామని, వాయిస్ లైసెన్స్ రుజువు పంపమన్నారు. బిల్లు పంపాను. ఆడియో ఫైళ్ల తేదీలు బిల్లు కంటే ముందువని తిప్పి పంపారు. అప్పుడు కూర్చుని నిబంధనలు చదివితే స్పష్టంగానే ఉంది: ఫ్రీ ప్లాన్‌లో ఉండగా చేసిన ఆడియోకు కమర్షియల్ అనుమతి లేదు, తర్వాత డబ్బు కట్టినా ఆ పాతవాటికి వర్తించదు. అదే పెయిడ్‌లో ఉండగా చేసింది, ప్లాన్ ఆపేశాక కూడా వాడుకోవచ్చు. అంటే చూడాల్సింది ఈరోజు మన ప్లాన్ ఏమిటని కాదు, ఆడియో తయారైన రోజు ఏ ప్లాన్‌లో ఉన్నామని. ఇది నేను వాడిన సర్వీసు పద్ధతి, మీరు వాడే సర్వీసు నిబంధనల్లో ఈ వాక్యం ఒక్కటీ వెతికి చదవండి.

ఆరూ మళ్లీ చేశాను. 48,000 అనుకున్నది దిద్దుబాట్లతో 60,000 దాకా వెళ్లింది, రెండు నెలల కోటా పూర్తిగా దానికే పోయింది. ఆ రెండు నెలలూ కొత్త కథ పెట్టలేదు. అంతకంటే బాధ కలిగించింది, మూడు కథల్లో వాడిన వాయిస్ అప్పటికి కనబడలేదు. అది కంపెనీ సొంత వాయిస్ కాదు, ఎవరో తమ గొంతును లైబ్రరీలో పంచుకున్నది. వాళ్లు వెనక్కి తీసుకుంటే మనకు ఆగిపోతుంది. ఒకే గొంతుతో సాగాల్సిన సిరీస్‌కు కంపెనీ సొంత వాయిస్‌నే ఎంచుకోండి.

కమర్షియల్ అనుమతి ఉంటే సాధారణంగా మానిటైజ్ చేసిన వీడియోలు, యాడ్స్, క్లయింట్ పనులు చేసుకోవచ్చు. ఆ ఆడియోతో ఇంకో వాయిస్ మోడల్ తయారు చేయడం లాంటివి మాత్రం కుదరవు. తెలిసిన గొంతును క్లోన్ చేయాలన్నా ఆ మనిషి ఒప్పుకోవాలి, ప్లాన్ డబ్బుతో ఆ హక్కు రాదు. బాలు గారి గొంతును ఏఐతో ఒక తెలుగు సినిమాలో వాడినందుకు ఆయన కొడుకు చరణ్ గారు లీగల్ నోటీసు పంపిన విషయం 2024లో పేపర్లలో వచ్చింది కదా.

కథ హక్కు కూడా వాయిస్ లైసెన్స్‌లో ఉండదు. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటకపోతే వాళ్ల వారసుల దగ్గరో, హక్కులున్న వాళ్ల దగ్గరో అనుమతి తీసుకోవాలి. ఆ యాప్ వాళ్లు నన్ను ఇది కూడా అడిగారు. కథలు నేనే రాసినవి కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

మీరైతే ఫ్రీ ప్లాన్‌తో చేసిన వీడియోలను మానిటైజేషన్‌కు అప్లై చేసేలోపే మళ్లీ చేసి మార్చుకోండి. యూట్యూబ్‌లో ఉన్న వీడియోకు ఆడియో మాత్రమే మార్చడం కుదరదు, కొత్తగా అప్‌లోడ్ చేయాలి, వ్యూస్ పోతాయి. అందుకే తక్కువ వీడియోలు ఉన్నప్పుడే చేసుకోవడం నయం. ప్రతి ఆడియో చేసిన రోజు హిస్టరీ పేజీ స్క్రీన్‌షాట్, ఆ నెల బిల్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. నేనిప్పుడు ప్రతి కథకూ అలాగే చేస్తున్నాను.